యూకే ఆఫర్ వచ్చింది, 5,400 పౌండ్ల కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు (2026 జనవరి)

కిరణ్, గుంటూరు:
అందరికీ నమస్కారం. లీడ్స్ దగ్గర ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇంజినీర్ ఉద్యోగం వచ్చింది. జీతం ఏడాదికి 43,000 పౌండ్లు, స్కిల్డ్ వర్కర్ వీసా మూడేళ్లకు. నాకు 32 ఏళ్లు, నా భార్య కూడా వస్తుంది. ఆఫర్ లెటర్‌తో పాటు ఇంకో కాగితం పంపారు. స్కిల్స్ ఛార్జ్ 3,960, స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్ ఫీజు 525, లాయర్ ఫీజు 915, మొత్తం 5,400 పౌండ్లు నేనే భరించాలట. నెలకు 150 చొప్పున 36 నెలలు జీతంలో పట్టుకుంటారు. మధ్యలో మానేస్తే మిగిలింది ఒకేసారి కట్టాలి. శుక్రవారంలోగా సంతకం చేయమన్నారు. ఇది మామూలేనా?

ప్రసాద్, మిల్టన్ కీన్స్:
తమ్ముడూ, నేనొచ్చి పద్నాలుగేళ్లయింది. అందరం ఏదో ఒక రూపంలో కట్టినవాళ్లమే, సంతకం పెట్టేసి రా. నెలకు 150 పెద్ద లెక్క కాదు. జీతం 38,700 దాటితే చాలు, నీకు దాటింది. ఐఈఎల్‌టీఎస్ అన్నింట్లో 4 వస్తే సరిపోతుంది. ముందు ఇల్లు చూసుకో. ఇక్కడ క్రెడిట్ హిస్టరీ లేదని మా మొదటి ఇంటి ఓనరు ఆరు నెలల అద్దె ముందే అడిగాడు.

సుజాత, మాంచెస్టర్:
కిరణ్ గారూ, దయచేసి సంతకం పెట్టకండి. నేను హెచ్‌ఆర్‌లో పనిచేస్తాను, మా కంపెనీ తరఫున వీసాకి కావాల్సిన స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్లు ఇచ్చేది నేనే.

ప్రసాద్ గారు చెప్పిన అంకెలు పాతవి. 2025 జులై 22 నుంచి జీతానికి సాధారణ కనీస పరిమితి 41,700. మీ ఉద్యోగం కోడ్‌కి విడిగా ఒక రేటు ఉంటుంది, రెండింట్లో ఏది ఎక్కువైతే అది దాటాలి. కోడ్ ఏదో కంపెనీని అడిగి, గవర్నమెంట్ వెబ్‌సైట్‌లో మీరే చూసుకోండి. ఇంగ్లిష్ కూడా ఈ నెల 8 నుంచి బీ2 స్థాయికి పెంచారు. ఐఈఎల్‌టీఎస్ అయితే యూకే వీసాల కోసం పెట్టే యూకేవీఐ రకమే రాయాలి, నాలుగు విభాగాల్లోనూ 5.5 రావాలి.

ఇక ఆ కాగితం. స్కిల్స్ ఛార్జ్ అంటే బయటి దేశం మనిషిని స్పాన్సర్ చేసినందుకు ప్రభుత్వానికి కట్టేది, అది కంపెనీ కట్టాల్సిందే. పెద్ద కంపెనీకి ఇప్పుడు ఏడాదికి 1,320, మూడేళ్లకు 3,960. మీ కాగితంలో అదే అంకె ఉంది. దాన్ని మీ నుంచి వసూలు చేయకూడదు, వాయిదాల్లో అయినా సరే, మానేసినప్పుడైనా సరే. 2024 డిసెంబర్ 31 నుంచి ఇచ్చే సర్టిఫికెట్లకు ఆ 525 ఫీజు కూడా అంతే. దొరికితే కంపెనీ స్పాన్సర్ లైసెన్సే పోయే తప్పు అది.

దీనివల్ల మీకు వచ్చే నష్టం ఇంకోటి ఉంది. వీసా ఖర్చుల కింద జీతంలో పట్టుకునే డబ్బును పరిమితి చూసేటప్పుడు తీసేసి లెక్కేస్తారు. నెలకు 150 అంటే ఏడాదికి 1,800. 43,000లో అది పోతే 41,200. అంటే 41,700 కంటే తక్కువ. ఆ ఒక్క కాగితంతో మీ వీసాకే ఎసరు వస్తుంది.

వెంకట్, డాలస్:
హెచ్1బీలో కూడా ఫీజులు ఎంప్లాయరే కట్టాలి. ఇప్పుడు దేశం బయటి నుంచి కొత్తగా పిటిషన్ వేస్తే లక్ష డాలర్లు అంటున్నారు. లాటరీలో పేరు వచ్చిందా ముందు చెప్పండి.

సుజాత, మాంచెస్టర్:
వెంకట్ గారూ, ఇది యూకే సంగతి. ఇక్కడ లాటరీ లేదు.

మాధవి, లెస్టర్:
మా ఇంట్లో జరిగింది చెబుతాను, కిరణ్. మా ఆయనకు ఒక చిన్న కంపెనీ స్పాన్సర్ చేసింది. మొదటి పే స్లిప్‌లో పన్ను, నేషనల్ ఇన్సూరెన్స్ కింద ఇంకో వరుస ఉంది, 'అడ్మిన్ రికవరీ 210.00' అని. అడిగితే ట్రైనింగ్ ఖర్చు అన్నారు. ఒక్కరోజు ట్రైనింగ్ ఇచ్చింది లేదు. కొత్తగా వచ్చాం, బాబు చిన్నవాడు, గొడవ ఎందుకులే అని ఊరుకున్నాం. ఏడు నెలలు అలాగే పోయింది.

ఒకరోజు వీసాలు చూసే హోం ఆఫీస్ వాళ్లు తనిఖీకి వచ్చారు. జీతాల కాగితాలు, బ్యాంకు ఖాతాల్లో నిజంగా పడిన డబ్బు పక్కపక్కన పెట్టి చూశారు. ముందు లైసెన్స్ సస్పెండ్ చేశారు, తర్వాత రద్దు చేశారు. తప్పు ఓనరుది, కానీ 60 రోజుల ఉత్తరం వచ్చింది మాకు. ఆ లోపల కొత్త స్పాన్సర్ దొరికి, కొత్త అప్లికేషన్ వెయ్యాలి, లేదంటే వెళ్లిపోవాలి. ఆయన రోజూ స్పాన్సర్ల జాబితా తెరిచి, మా ఊరి చుట్టుపక్కల కంపెనీలకు ఒక్కొక్కరికే మెయిల్ పెట్టారు. 51వ రోజున అప్లికేషన్ పడింది. ఆ 51 రోజులు నేను సరిగ్గా నిద్రపోలేదు. ఆ 210లు తిరిగి రాలేదు. అప్పుడు మొదటి స్లిప్ పట్టుకుని అడిగి ఉంటే అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ప్రసాద్, మిల్టన్ కీన్స్:
అంకెల విషయంలో నాదే పొరపాటు. కానీ మా కంపెనీ నా వీసా ఫీజు, ఇక్కడి ప్రభుత్వ వైద్యం కోసం కట్టే హెల్త్ సర్‌ఛార్జ్ కట్టి, రెండేళ్లలో మానేస్తే తిరిగి కట్టాలని రాయించుకుంది. అది తప్పు కాదు కదా? సుజాత గారు చెప్పేది వింటే కంపెనీ ఏదీ అడగకూడదు అన్నట్టుంది.

సుజాత, మాంచెస్టర్:
అలా అనలేదండీ. వీసా ఫీజు, సర్‌ఛార్జ్ అభ్యర్థి ఖర్చులు. కంపెనీ ముందు కట్టి, మానేస్తే తిరిగి ఇమ్మని ముందే రాతపూర్వకంగా ఒప్పుకుంటే కుదురుతుంది. నెలలు గడిచేకొద్దీ తగ్గేలా రాయించుకోవాలి. కిరణ్ గారికి కంపెనీ అవేవీ కట్టడం లేదు. మూడేళ్ల వీసా ఫీజు 769, సర్‌ఛార్జ్ ఏడాదికి 1,035 చొప్పున 3,105. మనిషికి 3,874, ఇద్దరికీ 7,748 పౌండ్లు. సర్‌ఛార్జ్ మూడేళ్లదీ అప్లికేషన్ వేసేటప్పుడే ఒక్కసారిగా కట్టాలి. దీనికి సాయం అడగండి, ఆ 5,400 గురించి బేరం మాత్రం వద్దు.

మాధవి, లెస్టర్:
మానేస్తే కట్టాలనే కాగితమే మనిషిని కట్టేస్తుంది సుజాత గారూ. చట్టం ఒప్పుకున్నా నాకు మాత్రం న్యాయంగా అనిపించదు.

ప్రసాద్, మిల్టన్ కీన్స్:
కంపెనీ మూడు నాలుగు వేలు పెట్టి తెస్తే, మూడో నెలలో ఇంకో చోటికి పోయినవాళ్లను నేను చూశాను అమ్మా. వాళ్లవైపు కూడా చూడాలి.

కిరణ్, గుంటూరు:
మూడు రోజుల తర్వాత రాస్తున్నాను. సుజాత అక్క చెప్పిన రెండు విషయాలూ హెచ్‌ఆర్‌కి మర్యాదగా మెయిల్‌లో పెట్టాను. ఆ కాగితం అందరికీ పంపే పాత నమూనా అన్నారు. స్కిల్స్ ఛార్జ్, 525 తీసేశారు, నెలవారీ కోత కూడా తీసేశారు. లాయర్ ఫీజు 915 మాత్రం ఉంచారు, ఏడాదిలోపు మానేస్తే కట్టాలట. సర్టిఫికెట్ వచ్చే వారమే ఇస్తామంటున్నారు. తీసుకోనా?

సుజాత, మాంచెస్టర్:
ఆ 915 దేనికో బిల్లు అడగండి. కంపెనీ లైసెన్స్, సర్టిఫికెట్ పనికి లాయర్ తీసుకున్నదైతే మీ మీద వేయకూడదు. మీ సొంత వీసా అప్లికేషన్ నింపినందుకైతే వాదనకు తావుంది, మా ఆఫీసులోనే దాని మీద రెండు మాటలున్నాయి.

సర్టిఫికెట్ వచ్చే వారం వద్దు. అది చేతికి వచ్చిన మూడు నెలల్లో అప్లికేషన్ వెయ్యాలి. ఇంగ్లిష్ పరీక్ష, ఇద్దరికీ టీబీ పరీక్ష ముందు పూర్తి చేసుకోండి. టీబీ సర్టిఫికెట్ ఆరు నెలలు చెల్లుతుంది, దాన్ని ముందుగా చేయించుకుంటే భయం లేదు. వేలిముద్రలు ఇచ్చాక నిర్ణయానికి మామూలుగా మూడు వారాలు అంటారు, చేరే తేదీ ఆ లెక్కన వేయించుకోండి. సర్టిఫికెట్‌లో మెయింటెనెన్స్, అంటే మొదట్లో మీరు బతకడానికయ్యే ఖర్చు, భరిస్తామని కంపెనీ టిక్ పెడుతుందేమో అడగండి, ఇద్దరికీ కలిపి పెట్టమనండి. పెట్టకపోతే మీకు 1,270, మీ భార్యకు 285 పౌండ్లు 28 రోజులు ఖాతాలో కదలకుండా చూపించాలి.

కిరణ్, గుంటూరు:
బిల్లు అడిగాను అక్కా. టీబీ పరీక్షకు సోమవారం ఇద్దరికీ అపాయింట్‌మెంట్ దొరికింది.