థాయ్ బోర్డు ఫొటో తీశాక, అనువాదానికి ముందు ఎక్కడ విడగొట్టాలి?

సుధీర్ (ఆన్‌నుట్, బ్యాంకాక్)

అందరికీ నమస్కారం. నేనూ మా ఆవిడా ఈమధ్యే బ్యాంకాక్ వచ్చాం. థాయ్ అక్షరాలు నేర్చుకుంటున్నాను, చాలావరకు గుర్తుపడుతున్నాను. మా సందులో ఒక ఇంటి గేటు పక్కన బోర్డు ఉంటే ఫొటో తీసి, ఒక్కో అక్షరం చూసుకుంటూ టైప్ చేశాను:

```
ห้ามจอดรถขวางทางเข้าออก
```

మొదటి ముక్క "హామ్", అంటే వద్దు అని. "చోత్ రోత్" అంటే బండి ఆపడం. ఆ తర్వాత నాకు "ఖ్వా" కనిపించింది. కుడివైపు తిరగమనే బోర్డుల మీద రోజూ చూసే మాటే. కుడివైపు ఆపొద్దంటున్నారు కాబోలు అనుకుని కారు ఎడమవైపు, గేటుకు ఆనుకుని పెట్టాను. సెక్యూరిటీ ఆయన పరిగెత్తుకుంటూ వచ్చి తీసేయమన్నాడు. మాటల మధ్య ఖాళీలే లేకపోతే ఏ మాట ఎక్కడ అయిపోయిందో ఎలా తెలుస్తుందండీ?

భాస్కర్ (పటాయా)

తమ్ముడూ, ఖాళీలు అసలు లేకపోలేదు, అక్కడక్కడా ఉంటాయి. ఖాళీ వచ్చిందంటే పదం అయిపోయినట్టు. ఖాళీ లేని చోట ఇంకో గుర్తుంది. హల్లుకు ముందు రాసే అచ్చులు ఐదున్నాయి: `เ แ โ ใ ไ`. వాటిలో ఏది కనిపించినా అక్కడ కొత్త పదం మొదలైనట్టే. నీ బోర్డులో చివర్లో `เ` ఉంది చూడు, అక్కడ కొయ్యి. మిగతాది తెలిసిన మాటలు వెతుక్కుంటూ పోవడమే. నేను ఏళ్ల తరబడి ఇలాగే చదువుతున్నా.

పద్మజ (నోంతబురి)

సుధీర్ గారూ, మీకు తెలిసిన మాటే మిమ్మల్ని తప్పుదారి పట్టించింది. వరసలో "ఖ్వా" అనే అక్షరాలు ఉన్న మాట నిజమే. కానీ అక్కడ కోస్తే తర్వాత ఏం మిగిలిందో చూడండి:

```
ห้าม | จอดรถ | ขวา | งทาง | เข้าออก
```

ఆ నాలుగో ముక్క థాయ్‌లో ఏ మాటా కాదు. నిఘంటువులో వెతికినా దొరకదు. అలా ఒక అక్షరం అనాథగా మిగిలిందంటే తప్పు ఆ ముక్కలో లేదు, దాని ముందు పెట్టిన కోతలో ఉంది. ఆ `ง` ను వెనక్కి ఇచ్చేయండి:

```
ห้าม | จอดรถ | ขวาง | ทาง | เข้า | ออก
```

ఇప్పుడు "ఖ్వాంగ్" అయింది, అంటే అడ్డంగా. "థాంగ్" దారి, "ఖావ్" లోపలికి, "ఓక్" బయటికి. వచ్చిపోయే దారికి అడ్డంగా బండి ఆపవద్దు అని బోర్డు. కుడి ఎడమల ప్రసక్తే లేదు. చిన్నప్పుడు పద్యానికి పదవిభాగం చేశాకే ప్రతిపదార్థం రాయనిచ్చేవారు కదా, ఇక్కడా వరస అదే. కాకపోతే మన సంధిలో అక్షరాలు మారిపోతాయి. థాయ్‌లో ఏ అక్షరమూ మారదు, పక్కపక్కన నిలబడతాయి అంతే. అందుకని మొత్తం వరస ఏమీ మిగలకుండా మాటలుగా విడిపోతేనే మీ కోత సరైనది. మధ్యలో ఒక్క మాట తెలిసినంత మాత్రాన అక్కడ కత్తి పెట్టకూడదు.

భాస్కర్ గారూ, మీరు చెప్పిన రెండూ సగం వరకే పనికొస్తాయి. థాయ్‌లో ఖాళీ వాక్యం చివర, వాక్యంలో ఒక భాగం ముగిసిన చోట, అంకెల పక్కన వస్తుంది. రెండు ఖాళీల మధ్య ఒకే మాట ఉండొచ్చు, ఇరవై మాటలూ ఉండొచ్చు. ఇక ఆ ఐదు అచ్చులతో మొదలయ్యేది ఉచ్చారణలో ఒక భాగం, అదే కొత్త మాట కానక్కర్లేదు. బాల్కనీని "రబియాంగ్" అంటారు, `ระเบียง`. దాని నడుమ `เ` ఉంది. అక్కడ కోస్తే బాల్కనీ రెండు ముక్కలవుతుంది. గట్టిగా నమ్మదగింది ఒకటే: ఆ ఐదింటికీ తర్వాతి హల్లుతోనే సంబంధం, కాబట్టి వాటి వెనకాల ఎప్పుడూ కోయకూడదు. ముందు కోయాలా వద్దా అన్నది మాటను బట్టి.

విజయలక్ష్మి (సీలోమ్)

నేను శాకాహారిని. నాకూ ఒకటి అడగాలని ఉంది. మా ఆఫీసు పక్క కొట్టు మెనూలో నీళ్ల వరసలో `ปล` అని, పక్కనే `า` ఉంటాయి. `ปลา` అంటే చేప అని మొదటి రోజే నేర్చుకున్నాను. నీళ్లలో చేప ఏమిటి? ఇక్కడ చేప రసం అన్నిట్లో పోస్తారు కదా, అదేనా అని అనుమానం.

```
น้ำเปล่า
```

పద్మజ

విజయ గారూ, ప్రశ్న వేరైనా జవాబు ఇక్కడిదే. మీరు రాసినదాంట్లో `ปล` ముందున్న `เ` ని చూడండి. అది నీళ్లనే `น้ำ` లోది కాదు, తర్వాతి మాటది. కోత దాని ముందు:

```
น้ำ | เปล่า
```

రెండో మాట "ప్లావ్", అంటే వట్టిది, ఏమీ కలపనిది. మొత్తం కలిపితే మామూలు మంచినీళ్లు, నిశ్చింతగా తాగండి. మీరు భయపడే చేప రసం `น้ำปลา`. దాంట్లో `เ` ఉండదు, పైన చిన్న గీతలా ఉండి గొంతు హెచ్చుతగ్గులు చూపే గుర్తూ ఉండదు. ఫొటో మసకగా ఉంటే పోయేవి సరిగ్గా ఆ రెండే, అందుకే మెనూ ఫొటోలు దగ్గరగా తీయాలి. శాకాహారానికి మీరు వెతకాల్సిన మాట `มังสวิรัติ`, "మంగ్‌సవిరత్". మాంసవిరతి అన్న మన సంస్కృత మాటే. ఇంకోటి పసుపు జెండా మీద ఎర్రగా రాసే `เจ`. ఆ వంటలో ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు.

రమణ (చియాంగ్ మాయ్)

ఇదంతా చేత్తో ఎందుకు? నేను చేసేది ప్రోగ్రామింగ్. ఎడమ నుంచి మొదలుపెట్టి నిఘంటువులో దొరికే అతి పొడవైన మాటను తీసుకుంటూ పొమ్మని కంప్యూటర్‌కి చెబితే సరిపోతుంది. మీ గేటు బోర్డులో "ఖ్వా" కంటే "ఖ్వాంగ్" పొడవు కాబట్టి అదే గెలిచేది.

పద్మజ

రమణ గారూ, ఆ బోర్డుకు గెలుస్తుంది. ఈ వరసకు ఓడిపోతుంది, థాయ్ పద విభజన మీద పనిచేసేవాళ్లు తరచూ చూపించే ఉదాహరణే:

```
ไปหามเหสี
ไป | หาม | เห | สี
ไป | หา | มเหสี
```

"పాయ్" అంటే వెళ్లు. తర్వాత "హా", చూడబోవడం, అని ఆగాలి. పొడవైనదే కావాలంటే ఇంకో అక్షరం మింగేసి "హామ్", మోయడం, అయిపోతుంది. ఆపైన వంకర పోవడం, రంగు అని పొంతన లేని ముక్కలు మిగులుతాయి. మూడో వరసలో చివరిది "మహేసీ", మన మహిషి, పట్టపురాణి. రాణిగారిని చూడటానికి వెళ్లడం అన్నమాట. విచిత్రం ఏమిటంటే తప్పు కోతలో కూడా ప్రతి ముక్కా నిఘంటువులో ఉంటుంది. అందుకే పొడవు చూడటం మాని, మొత్తం మీద తక్కువ మాటలు వచ్చే కోతను ఎంచుకునే పద్ధతి వచ్చింది. ఇక్కడ నాలుగుకు మూడు, కాబట్టి సరైనదే దొరుకుతుంది.

అదీ చేతులెత్తేసే చోటు ఉంది. `ตากลม` తీసుకోండి. "తా క్లోమ్" అంటే గుండ్రటి కళ్లు, "తాక్ లోమ్" అంటే గాలికి కూర్చోవడం. రెండూ రెండేసి మాటలే, రెండింట్లోనూ ఏమీ మిగలదు.

```
เด็ก | ตา | กลม
นั่ง | ตาก | ลม
```

ముందు పిల్ల అనే మాట ఉంటే కళ్లు, కూర్చోవడం ఉంటే గాలి. ఒట్టి `ตากลม` మాత్రమే పడేలా ఫొటో కత్తిరించి పంపితే నేనూ చెప్పలేను, థాయ్ వాళ్లూ చెప్పలేరు. కాబట్టి బోర్డులో తెలియని ముక్క ఒక్కటే కత్తిరించి అడగకండి, మొత్తం బోర్డు పంపండి.

రమణ

తక్కువ మాటల పద్ధతి సంగతి ఒప్పుకుంటాను. కానీ మీరు `ทาง`, `เข้า`, `ออก` అని మూడుగా కోశారు, `จอดรถ` ని మాత్రం కలిపే ఉంచారు. అది కూడా ఆపడం, బండి అని రెండు మాటలే కదా? నేనైతే రాకపోకల దారి మొత్తం ఒకే మాటగా పెడతాను.

పద్మజ

మీరన్నది నిజమే, నేను ఒక పద్ధతి పాటించలేదు. సమాసాన్ని ఎక్కడ ఒకటిగా లెక్కించాలన్న దాంట్లో థాయ్ నిఘంటువులకే ఏకాభిప్రాయం లేదు. గేటు బోర్డుకు ఎలా కోసినా అర్థం మారదు. కానీ ఐసును `น้ำแข็ง` అంటారు, నీళ్లు, గట్టి అని రెండు మాటలు. విడివిడిగా అనువదిస్తే గట్టి నీళ్లు అయి కూర్చుంటుంది. విడదీసిన ముక్కల అర్థాలు కలిపితే అసలు వస్తువు రావడం లేదనుకోండి, అక్కడ కలిపే ఉంచాలని నా పద్ధతి.

భాస్కర్

ఊళ్ల పేర్ల సంగతి కూడా చెప్పమ్మా. మా బంధువుల అబ్బాయి ఫోన్‌లో బోర్డు చూపిస్తే "కొంత రొయ్యల ముద్ద" అని వచ్చింది.

పద్మజ

`บางกะปิ` అయి ఉంటుంది భాస్కర్ గారూ, బ్యాంకాక్‌లో బాంగ్ కపి అనే పేట. `บาง` కు కొంత అనే అర్థం ఉంది, `กะปิ` అంటే రొయ్యల ముద్ద. ఊళ్ల పేర్లలో మాత్రం ఆ మొదటి మాట నీటి ఒడ్డున వెలసిన పల్లె అని. బాంగ్ నా, బాంగ్ రక్, బాంగ్ స్యూ అన్నీ అలా పుట్టిన పేర్లే. వాటిని కోయకుండా వదిలేయాలి. నీలం దారి బోర్డు మీదో, చిరునామాలోనో `บาง` తో మొదలైతే ముందు మ్యాప్‌లో వెతకండి, ఆ తర్వాతే నిఘంటువు తెరవండి.

సుధీర్

అందరికీ ధన్యవాదాలు. మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో అంటించిన కాగితం మీద ఈసారి నేనే ప్రయత్నించాను. రెండు లైన్లు ఉంది:

```
ห้ามตากผ้าบริ
เวณระเบียง
```

"తా", కన్ను అని కోస్తే `กผ้า` మిగిలింది. అందుకని `ตาก` దగ్గర కోశాను. తర్వాత `ผ้า`, బట్ట. బట్టలు ఆరేయొద్దు అన్నంతవరకు వచ్చింది. బాల్కనీ మాట పద్మజ గారు చెప్పిందే. మధ్యలో `บริ` ఒకటి, `เวณ` ఒకటి, రెండూ దొరకడం లేదు.

పద్మజ

చక్కగా చేశారు. ఆ రెండూ దొరకకపోవడానికి కారణం లైను విరుపు. థాయ్ మాటలు తెలియని సాఫ్ట్‌వేర్‌లో టైప్ చేస్తే కాగితం అంచు రాగానే ఎక్కడ పడితే అక్కడ విరిచేస్తుంది. ఫొటో నుంచి అక్షరాలు తీసుకున్నప్పుడు ముందు లైన్లన్నీ ఒకటిగా కలిపేసి, అప్పుడు కోయండి:

```
ห้าม | ตากผ้า | บริเวณ | ระเบียง
```

"బోరివేన్" అంటే ఆ ప్రాంతం, ఆవరణ. బాల్కనీ ప్రాంతంలో బట్టలు ఆరేయరాదు. ఇంకొకటి, మీరు చేత్తో టైప్ చేస్తారు కాబట్టి చెబుతున్నాను. `แ` బదులు `เ` ని రెండుసార్లు కొడితే తెరమీద తేడా తెలియదు, కానీ నిఘంటువుకు అది వేరే మాట. కోత సరిగ్గా ఉన్నా మాట దొరకకపోతే మొదట అదే సరిచూడండి.

భాస్కర్

మరి అక్షరాల తలకాయ సున్నాలు తీసేసి ఇంగ్లీషు అక్షరాల్లా గీసే షాపు బోర్డులకు ఏం చేస్తాం? `ร` చూస్తే ఎస్ లాగా, `พ` చూస్తే డబ్ల్యూ లాగా ఉంటాయి. నాకు అక్షరమే తేలదు, ఇంక కోత ఎక్కడ?

పద్మజ

వాటికి నా దగ్గరా సులువైన దారి లేదండీ. అదే షాపు బిల్లు మీదో సంచీ మీదో పేరు మామూలు అక్షరాల్లో ఉంటుంది, నేను అది అడిగి తీసుకుంటాను. ఎవరైనా ఇంకో పద్ధతి కనుక్కుంటే ఇక్కడ రాయండి.