అప్‌డేట్: వాంతుల తర్వాత అమ్మ గొంతు మంట

నేను అడిగినది: "రాత్రంతా వాంతులు అయ్యాయి. ఇప్పుడు వాంతులు ఆగాయి కానీ అమ్మకు గొంతు మండుతోంది, మాట బొంగురుపోయింది. ఏం చేయాలి?"

అమ్మ ఇప్పుడు బాగుంది. అమలాపురంలో ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాము. ఇన్‌ఫెక్షన్ కాదన్నారు. కడుపులోని ఆమ్లం, దానితోపాటు పైకి వచ్చే పెప్సిన్ అనే జీర్ణ ఎంజైమ్ గొంతు పొరను, స్వరతంత్రులను పుండు చేశాయట. యాంటీబయాటిక్ అవసరం లేదన్నారు.

బాగా పనిచేసినది పుక్కిలింత. గ్లాసు గోరువెచ్చని నీటిలో చెంచాడు వంట సోడా కలిపి, పుక్కిలించి ఉమ్మేయాలి, మింగకూడదు. పళ్ల మీది ఎనామెల్ మెత్తబడి ఉంటుంది కాబట్టి వాంతి అయిన గంట వరకు బ్రష్ చేయవద్దన్నారు. వికారానికి మా వీధిలో అందరూ నిమ్మరసమే ఇస్తారు, కానీ పుండైన గొంతుకు అది కూడా ఆమ్లమే. అందుకే ఓఆర్‌ఎస్ గుక్కగుక్కగా తాగించి, చల్లారిన మెత్తటి గంజి పెట్టాము. ఆవకాయ, మిరియాల చారు, కాఫీ పక్కన పెట్టేశాము. తల కింద రెండు దిండ్లు వేసి ఎత్తుగా పడుకోబెట్టాము.

అమ్మ అందరితో గుసగుసగా మాట్లాడేది. దానివల్ల స్వరతంత్రులు ఇంకా బిగుసుకుంటాయట. అవసరమైతే మామూలు గొంతుతో కొద్దిగా మాట్లాడడం, లేదా మౌనం మంచిది. మంట ముందు తగ్గింది, గొంతు నెమ్మదిగా తెరుచుకుంది.

వాంతిలో రక్తం లేదా కాఫీ పొడిలాంటి నలుపు, ఛాతీలో తీవ్రమైన నొప్పి, ఊపిరాడకపోవడం, లాలాజలం కూడా మింగలేకపోవడం ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. బొంగురు మూడు వారాలు దాటినా తగ్గకపోతే స్వరపేటికను పరీక్ష చేయించాలన్నారు.