పడమటి అద్దాల గోడ: యూ విలువ చూడాలా, ఎస్‌హెచ్‌జీసీ చూడాలా?

అడిగినవారు: కొత్త ఆఫీసు పడమటి ముఖానికి 200 చదరపు మీటర్ల అద్దం వేయాలి. మొదటి రకానికి యూ విలువ, అంటే ఒక్కో డిగ్రీ తేడాకు చదరపు మీటరు అద్దం గుండా పోయే వేడి, 1.1 వాట్లు; ఎస్‌హెచ్‌జీసీ, అంటే అద్దం మీద పడిన ఎండ వేడిలో లోపలికి వచ్చే వంతు, 0.55. రెండోదానికి 1.8, 0.27. ఏసీ గరిష్ఠ లోడు దేనితో తగ్గుతుంది?

అద్దాల కాంట్రాక్టరు: మొదటిదే తీసుకోండి. బయట 38 డిగ్రీలు, లోపల 24 డిగ్రీలు ఉన్నప్పుడు వేడిని అడ్డుకునేది యూ విలువే కదా.

ఏసీ డిజైనరు: అడ్డుకునే మాట నిజమే కానీ, ఎంత వేడిని అన్నది లెక్క వేసి చూడండి. ఆ 14 డిగ్రీల తేడాకు మొదటి అద్దం గుండా సుమారు 3 కిలోవాట్లు, రెండోదాని గుండా 5 కిలోవాట్లు వస్తాయి. సాయంత్రం నాలుగింటికి పడమటి గోడ మీద చదరపు మీటరుకు 600 వాట్ల ఎండ పడుతుందనుకుంటే, మొదటిది 66 కిలోవాట్లను లోపలికి వదులుతుంది, రెండోది 32 కిలోవాట్లను మాత్రమే. యూ విలువలో రెండు కిలోవాట్లు మిగుల్చుకోబోయి ఎండలో ముప్పైమూడుకు పైగా పోగొట్టుకుంటున్నాం.

కాంట్రాక్టరు: నేరుగా ఎండ పడని ముఖానికి ఈ లెక్క తిరగబడదా?

డిజైనరు: తేడా తగ్గుతుంది కానీ తిరగబడదు. అక్కడ చెదిరిన వెలుతురు 100 వాట్లే అనుకున్నా, రెండు దారులూ కలిపి మొదటి అద్దం చదరపు మీటరుకు 70 వాట్లు, రెండోది 52 వాట్లు లోపలికి పంపుతాయి. మీ మాట చలి ప్రాంతపు హీటింగు లోడుకు సరిపోతుంది, ఎందుకంటే అక్కడ రాత్రిపూట లోపలి వేడి బయటికి పోవడమే అసలు సమస్య.

భవన నిర్వాహకుడు: మా భవనంలో ఎస్‌హెచ్‌జీసీ తక్కువని ముదురు రంగు అద్దం వేశారు. పగలంతా లైట్లు వెలుగుతూనే ఉంటాయి. కిటికీ పక్కన కూర్చునేవాళ్లు వేడిగా ఉందని ఏసీని ఇంకా తగ్గించమంటారు.

డిజైనరు: రంగు అద్దం ఎండను తనలో పీల్చుకుని వేడెక్కి, ఆ వేడిలో కొంత లోపలికి వెదజల్లుతుంది, మీవాళ్ల ఒంటికి తగిలేది అదే. వెలుతురును రానిచ్చి కంటికి కనిపించని ఎండను వెనక్కి తిప్పే లో-ఈ పూత వేరు. కాబట్టి కొనేముందు వెలుతురు ఎంత వస్తుందో కూడా అడగాలి.

నిర్మాణ ఇంజినీరు: ఆ 66 కిలోవాట్లనూ ఒకేసారి ఏసీ మీద మోపడం సరికాదు. ఎండను ముందు నేల, బల్లలు పీల్చుకుని తరవాత గాలిలోకి వదులుతాయి.

డిజైనరు: ఒప్పుకుంటాను, అందుకే గరిష్ఠ లోడు నా అంకెల కంటే తక్కువగానూ, కొంత ఆలస్యంగానూ వస్తుంది. కాంక్రీటు నేలను కార్పెట్ కప్పేస్తే మాత్రం ఆ నిల్వ బాగా తగ్గిపోతుంది.

ఇంజినీరు: కార్పెట్ ఉన్నా స్లాబు పనిచేస్తుందనే నా అభిప్రాయం. గంటలవారీ లెక్క వేయకుండా, భవనమంతటి ఏసీకి చల్లటి నీరు అందించే చిల్లరు సైజు తేల్చకండి.

అడిగినవారు: నేల మొత్తం కార్పెటే. తూర్పు ముఖంలోనూ అంతే అద్దం ఉంది, అయితే దాని గరిష్ఠం ఉదయమే కాబట్టి రెండూ కలవవు కదా?

డిజైనరు: చిల్లరుకు కలవవు. పడమటి గదుల గాలి సరఫరాకు మాత్రం పడమటి గరిష్ఠమే లెక్క.