టూర్‌కు టీషర్టులు ఎన్ని అచ్చు వేయించాలి?

మాది విజయనగరంలోని నలుగురి రాక్ బ్యాండ్. విశాఖ, విజయవాడ, హైదరాబాద్, బెంగళూరులలో ఒక్కొక్క ప్రదర్శనకు రూ.60,000 చొప్పున ఒప్పందం కుదిరింది. మొత్తం రూ.2,40,000లో టీడీఎస్ పది శాతం పోగా చేతికి వచ్చేది రూ.2,16,000.

ఏడు రోజులకు డీజిల్, టోల్, డ్రైవర్ బత్తాతో కలిపి వ్యానుకు రూ.70,000, సౌండ్ ఇంజినీరుకు రూ.35,000, సామాను మోసి అమర్చే సహాయకుడికి రూ.10,500, డ్రైవరుతో సహా ఏడుగురి బసకూ భోజనాలకూ రూ.49,000 అవుతాయి. ప్రదర్శన లేని మూడు రోజులకూ ఈ ఖర్చు ఆగదు. తేదీలు దగ్గరకు జరపమని అడిగినా నిర్వాహకులు ఒప్పుకోలేదు. చివరకు మిగిలేది రూ.51,500 మాత్రమే, అందులోంచే తీగలు, డ్రమ్ముల తోళ్లు కొనుక్కోవాలి.

అందుకే టీషర్టులపై ఆశ పెట్టుకున్నాము. వంద వేయిస్తే ఒక్కొక్కటి రూ.280 పడుతుంది. రూ.600కు అమ్మితే హాలువారు ఇరవై శాతం తీసుకుంటారు కాబట్టి, 59 అమ్ముడైతే గాని పెట్టుబడి తిరిగి రాదు. వాటా తగ్గించమన్నా వినలేదు. ముందస్తు ఆర్డర్లు అడిగితే మిత్రులే స్పందించారు, వారిని బట్టి అంచనా వేయలేము. సైజుల్లో ఎక్స్‌ఎల్ మిగిలిపోతుందేమోనన్న భయం వేరే ఉంది.

సుమారు మూడు వందల మంది పట్టే హాళ్లలో వాయించినవారు చెప్పగలరా: వచ్చిన ప్రతి వంద మందిలో నిజంగా ఎందరు టీషర్టు కొన్నారు?