అప్‌డేట్: నెలసరి ఆగిపోవడానికి కారణం తెలిసింది

నా ప్రశ్న: "మారథాన్ కోసం పరుగు పెంచాక 6 కిలోలు తగ్గాను. ఆరు నెలలుగా నెలసరి లేదు, గర్భం కూడా కాదు. అండాశయాలు పాడయ్యాయా?"

పాడవలేదు. థైరాయిడ్, ప్రొలాక్టిన్ హార్మోన్లు సాధారణంగానే ఉన్నాయి, ఈస్ట్రోజన్ మాత్రం బాగా తక్కువగా ఉంది. అండాశయాలే విఫలమైతే వాటిని ప్రేరేపించే ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోను బాగా పెరిగి ఉండేదని, నాకు అదీ, దాని తోటి హార్మోను ఎల్‌హెచ్ కూడా తక్కువగా ఉన్నాయి కనుక ఆజ్ఞ పైనుంచే రావడం లేదని వైద్యురాలు వివరించారు. ఖర్చయ్యే శక్తికి తగిన ఆహారం అందనప్పుడు మెదడులోని హైపోథాలమస్, ఆ రెండింటినీ విడుదల చేయించే జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోనును విడతలవారీగా విడుదల చేసే వేగాన్ని తగ్గిస్తుందట. బరువు సాధారణ పరిధిలోనే ఉన్నా ఇలా జరగవచ్చన్నది నేను ఊహించని విషయం.

పది రోజులు ప్రొజెస్టిరాన్ మాత్రలు వాడి ఆపినా రక్తస్రావం కాలేదు. ఈస్ట్రోజన్ లేక గర్భాశయపు పొర ఎదగలేదని దానర్థం. గర్భనిరోధక మాత్రలతో నెలనెలా రక్తస్రావం రప్పించవచ్చు గానీ, అది హైపోథాలమస్ కోలుకున్నదీ లేనిదీ తెలియకుండా చేస్తుందని ఆవిడ వద్దన్నారు. ఈస్ట్రోజన్ తగ్గితే ఎముకలు బలహీనపడతాయి కనుక ఎముకల సాంద్రత పరీక్ష కూడా చేయించారు, సాంద్రత కొంచెం తగ్గింది.

పరుగును సగానికి తగ్గించి, పరుగుకు ముందూ వెనుకా తినడం మొదలుపెట్టాను. 3 కిలోలు పెరిగాక, అయిదో నెలలో నెలసరి వచ్చింది. మొదటి నెలసరికి ముందే అండం విడుదల కావచ్చు కాబట్టి, గర్భం వద్దనుకునేవారు అప్పటివరకూ ఆగకుండా జాగ్రత్తపడాలి.