స్క్రీన్ మీద 200 ఆర్డర్లు, డబ్బు వచ్చింది 144కే. సీఓడీ లెక్క ఎలా చూడాలి?

రాయదుర్గం జీన్స్ (ప్రశ్న): అనంతపురంలో ఉంటాం. రాయదుర్గంలో కుట్టించిన జీన్స్‌ను షాపిఫైలో సొంత స్టోర్ పెట్టి అమ్ముతున్నాం, ఒక్కోటి 900. గత నెల 10,000 మంది సైట్‌కి వచ్చారు, 200 ఆర్డర్లు పడ్డాయి. అంటే 2 శాతం, 1,80,000 అమ్మకం. తీరా చూస్తే కస్టమర్లు కట్టింది 1,29,600. 56 సీఓడీ పార్సిళ్లు వెనక్కొచ్చి హాల్లో గుట్టగా పడున్నాయి. కొన్నింటికి టేపు కూడా ఊడలేదు, లేబుల్ మీద పెన్నుతో "పార్టీ వద్దన్నారు" అని రాసుంది.

ఆర్డర్లన్నీ రెండు మెటా యాడ్ల నుంచే, ఒక్కోదానికి 18,000 పెట్టాం. రీల్ యాడ్‌కి ఒక ఆర్డర్ 150 పడుతోంది, కొలతల ఫోటోల యాడ్‌కి 225. ఫోటోల యాడ్ ఆపేద్దామా?

కర్నూలు బ్రో: సింపుల్ అక్కా. 200లో 56 అంటే 28 శాతం. ప్రతి నెలా అన్ని అంకెల్లోంచి 28 శాతం కొట్టేయండి, అదే అసలు లెక్క. రీల్ ఉంచండి, ఫోటోలు ఆపేయండి.

పొద్దుటూరు చీరలు: సైజు సరిపోలేదని వెనక్కి పంపేవాళ్లతో మాకూ ఇదే బాధ. ఎక్స్ఛేంజ్ పెట్టండి, తగ్గుతాయి.

రాయదుర్గం జీన్స్: తొడిగి చూసి పంపినవి కావండీ ఇవి. పార్సిల్ తీసుకోనే లేదు.

లెక్కల మాస్టారు: కర్నూలు తమ్ముడు చెప్పింది నెల మొత్తానికి సరిపోతుంది. 1.44 శాతం, 1,29,600, అంతే. ఏ యాడ్ ఉంచాలో తేల్చడానికి మాత్రం పనికిరాదు. రెండింటిలోంచీ ఒకే శాతం కొడితే ముందున్నది ముందే ఉంటుంది కదా! అమ్మా, షాపిఫై ఆర్డర్ల ఫైలు, కొరియర్ స్టేటస్ ఫైలు దించుకుని ఆర్డర్ నంబర్ మీద కలపండి. ప్రతి ఆర్డర్ పక్కన B కాలమ్‌లో అది ఏ యాడ్‌దో, D కాలమ్‌లో కొరియర్ స్టేటస్ ఉంచి, ఇలా లెక్కపెట్టండి:

```
=COUNTIFS(B:B,"reel",D:D,"Delivered")
```

రాయదుర్గం జీన్స్: రాత్రి కూర్చుని చేశాను. రీల్‌వి 120 ఆర్డర్లు, అందులో 110 సీఓడీ, 50 వెనక్కి. ఫోటోలవి 80, అందులో 50 సీఓడీ, వెనక్కొచ్చినవి 6 మాత్రమే!

లెక్కల మాస్టారు: చూశారా. రీల్‌లో చేరినవి 70, ఫోటోల్లో 74. వెనక్కొచ్చిన పార్సిల్‌కి రానూపోనూ కొరియర్ ఎంత?

రాయదుర్గం జీన్స్: 140.

లెక్కల మాస్టారు: రీల్‌కి 18,000, దాని మీద 7,000, మొత్తం 25,000. 70తో భాగిస్తే చేరిన జీన్స్ ఒక్కోటి 357 పడింది. ఫోటోలకి 18,840ని 74తో భాగిస్తే 255. స్క్రీన్ మీద ఓడిన యాడే నెగ్గింది.

ఇంకో రెండు జాగ్రత్తలు. వెనక్కొచ్చినవాటిని ఈ నెల రద్దు చేస్తే షాపిఫై ఆ మైనస్‌ను రద్దు చేసిన రోజు మీద వేస్తుంది. పోయిన నెల అమ్మకం అలాగే నిగనిగలాడుతుంది, ఈ నెలది కారణం లేకుండా పడిపోతుంది. అందుకే మీ షీట్‌లో ఎప్పుడూ ఆర్డర్ పెట్టిన తేదీనే పట్టుకోండి, దారిలో ఉన్నవన్నీ అటో ఇటో తేలేదాకా ఆ నెల లెక్క మూయకండి. రెండోది, ఆర్డర్ పెట్టాక థ్యాంక్యూ పేజీ రాగానే, కొనేశారంటూ మెటాకి Purchase ఈవెంట్ వెళ్లిపోతుంది. తర్వాత పార్సిల్ వద్దన్న మనిషిని కూడా మెటా మంచి కస్టమర్ అనే అనుకుంటుంది, అలాంటివాళ్లనే ఇంకా వెతికి తెస్తుంది.

కర్నూలు బ్రో: సరే మాస్టారూ, ఒప్పుకుంటా. అయితే డెలివరీ అయ్యాకే మెటాకి పంపితే పోదా?

లెక్కల మాస్టారు: పంపొచ్చు, వేరే ఈవెంట్‌గా. కానీ యాడ్ నొక్కిన 7 రోజుల్లోపు జరిగినదాన్నే మామూలుగా ఆ యాడ్ ఖాతాలో వేస్తుంది. అస్సాంకి పార్సిల్ తొమ్మిదో రోజు చేరితే అది ఏ యాడ్‌కీ పడదు. దగ్గరి ఊళ్ల ఆర్డర్లే బాగున్నట్టు కనిపిస్తాయి. నేనైతే షీట్‌నే నమ్ముతాను.

పొద్దుటూరు చీరలు: సీఓడీ తీసేస్తే గొడవే ఉండదు కదండీ.

లెక్కల మాస్టారు: ఆమె ఆర్డర్లలో 160 సీఓడీవే. అందులో 104 మంది డబ్బిచ్చి తీసుకున్నారు. వాళ్లలో ఎంతమంది ముందే కడతారో తీసేసి చూస్తే తప్ప తెలీదు. 99 అడ్వాన్స్ ఒక్క రీల్ యాడ్ మీదే పెట్టి చూడమంటాను.

కడప గాజులు: మీరంతా "వద్దన్నారు" అన్న మాటను నమ్మేస్తున్నారు. మా దగ్గర ఒక కస్టమర్‌కి ఫోన్ చేస్తే "బాబూ, నేను ఇంట్లోనే ఉన్నా, ఎవరూ రాలేదు" అంది. అడ్రస్ దొరక్క ఆ డెలివరీ బాయ్ అలా నొక్కేశాడు.

రాయదుర్గం జీన్స్: ఇది చదివి రీల్ కస్టమర్లు 50 మందికీ ఫోన్ చేశాను. 31 మంది ఎత్తారు. 11 మంది అసలు ఎవరూ రాలేదన్నారు, అందులో 8 మంది పిన్‌కోడ్ ఒకటే. మాస్టారూ, ఈ 11ని రీల్ మీద వేయాలా, కొరియర్ మీద వేయాలా?

లెక్కల మాస్టారు: ఎవరి తప్పయినా ఖర్చు పెట్టింది మీరే కాబట్టి 357లోంచి తీయకండి. పక్కన ఇంకో కాలమ్ పెట్టి "కొరియర్" అని రాయండి. ఆ పిన్‌కోడ్‌కి వచ్చే నెల వేరే కొరియర్‌లో పంపి చూశాక మాట్లాడుకుందాం.