జెల్లర్ సూత్రంలో వారం బదులు -3 వస్తోంది, ఏ సవరణ సరైనది?

తేదీ ఇస్తే వారం చెప్పే చిన్న ప్రోగ్రామ్ సీ భాషలో రాశాను. వాడిన సూత్రం ఇది:

```
h = (q + 13*(m+1)/5 + K + K/4 + J/4 - 2*J) % 7;
```

q తేదీ, m నెల, K సంవత్సరంలో చివరి రెండంకెలు, J మొదటి రెండంకెలు. h సున్నా అయితే శనివారం, 1 అయితే ఆదివారం, అలా వరసగా. జనవరి, ఫిబ్రవరిలను ముందు సంవత్సరపు 13, 14 నెలలుగా తీసుకుంటున్నాను, కాబట్టి తప్పు అక్కడ లేదు.

2014 జూన్ 2కి 2+18+14+3+5-40 = 2, సోమవారం. సరిపోయింది. 2000 మార్చి 1కి మాత్రం 1+10+0+0+5-40 = -24 వచ్చి, h విలువ -3 అయింది. కాగితం మీద -24కి 28 కలిపితే 4, అంటే బుధవారం, అదే నిజం. సీలో `%` రుణ సంఖ్యకు రుణ శేషమే ఇస్తుంది, చిక్కంతా అదే.

7తో భాగించేటప్పుడు -2, 5 ఒకటే కదా అని `-2*J` తీసేసి `+5*J` పెట్టాను. మొత్తం 116, శేషం 4. ఇక రుణ సంఖ్య వచ్చే వీలే లేదు. చివర్లో 7 కలిపి మళ్లీ శేషం తీయడం కన్నా ఇదే నాకు శుభ్రంగా అనిపిస్తోంది.

నా సందేహం పాత తేదీల గురించి. ఇంగ్లండ్‌లో 1752 సెప్టెంబర్ 2 తర్వాతి రోజు 14 అయింది. అంతకు ముందటి ఈస్టిండియా కంపెనీ ఉత్తరాల తేదీలకు జూలియన్ సూత్రం వేరే రాయాలా, లేక ఇందులో `J/4 + 5*J` భాగం ఒక్కటి మారిస్తే చాలా?